గళ్ళ కాగితం మీద మెనూ బోర్డు

టిఫిన్ సెంటర్లలో, చిన్న కాఫీ షాపుల్లో గోడకు తగిలించిన నల్ల బోర్డులు చూడండి. చాలావాటిలో మొదటి వరసలో ‘ఇడ్లీ’ అరచేయంత ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు చిక్కిపోతాయి. ‘మసాలా’ హుందాగా కూర్చుంటే ‘దోసె’ ఫ్రేము అంచున ఒదుక్కుంటుంది. ధరకు చోటు లేక ఆ పక్కనే ఎక్కడో పైకెక్కి ఉంటుంది. ఆఖరి రెండు వరసల్లో ఉండే కాఫీ, టీ చదవాలంటే కౌంటర్ మీదికి వంగాలి. రాసిన మనిషి దస్తూరీ ముచ్చటగానే ఉండొచ్చు. ఎంత చోటుందో, అందులో ఎన్ని వరసలు పడతాయో చూసుకోకుండా చాక్‌పీసు పట్టుకుని పైనుంచి మొదలుపెడితే ఎంత మంచి దస్తూరీకైనా ఈ గతే పడుతుంది.

దీనికి మందు ఒక గళ్ళ నోటుబుక్కు, ఒక పెన్సిలు, ఒక టేపు. బోర్డు మీద చేయబోయే పనంతా ముందు కాగితం మీద, కొలతకు తగ్గించి, చేసి చూసుకోవడం. ఇంగ్లీషు బోర్డులకు ఈ పద్ధతి చెప్పే పుస్తకాలు, వీడియోలు బోలెడు ఉన్నాయి. తెలుగు రాసేవాళ్ళు వాటిని ఉన్నదున్నట్టు దించుకుంటే మాత్రం బోర్డు పాడవుతుంది. ఎందుకో చూడటానికి ఒక బోర్డును మొదటి నుంచీ కట్టుకుంటూ వెళ్దాం. చిన్న టిఫిన్ సెంటర్ అనుకోండి. ఫ్రేము వదిలేసి లోపలి నల్లభాగం కొలిస్తే వెడల్పు 24 అంగుళాలు, ఎత్తు 36. ఫ్రేముతో కలిపి కొలవడం మొదటి తప్పు. అక్కడ పోయే అంగుళం, అంగుళంన్నర చివర్లో ఒక వరసను మింగేస్తాయి.

అక్షరం ఎంత ఉండాలన్నది బోర్డు సైజును బట్టి కాక, చదివేవాళ్ళు నిలబడే చోటును బట్టి తేలుతుంది. కౌంటర్ దగ్గరున్న మనిషికి బోర్డుతో పెద్దగా పని లేదు, అతను అప్పటికే టోకెను తీసుకుంటుంటాడు. వరసలో మూడో మనిషి, నాలుగో మనిషి చదవాలి. అక్కణ్ణుంచి బోర్డు దాకా కొలిస్తే ఇంచుమించు పది అడుగులు వచ్చిందనుకుందాం. సైన్‌బోర్డులు రాసేవాళ్ళకు ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. అది సాదాసీదా అక్షరాల లెక్క. మెలికలున్న తెలుగుకు అంతకంటే తగ్గడానికి వీల్లేదని గుర్తుపెట్టుకుని, మామూలు వరసలకు అంగుళం ఖాయం చేసుకుందాం.

ఇక్కడే ఒక చిక్కుంది. దేని ఎత్తు అంగుళం? ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలతో రాసే వరసకు ఒకటే అంతస్తు. పైకి పొడుచుకొచ్చేదీ ఉండదు, కిందికి వేలాడేదీ ఉండదు. అంగుళం అక్షరానికి అంగుళంన్నర చోటిస్తే వరస దర్జాగా ఉంటుంది. తెలుగు వరసకు మూడు అంతస్తులు. నడిమి అంతస్తులో అక్షరం ఉంటుంది. పై అంతస్తులో గుడి, గుడి దీర్ఘం, ఎత్వం, పొల్లు ఉంటాయి. కింది అంతస్తు వత్తులది. నడిమిది అంగుళమైతే పైదానికి అర అంగుళం, కిందిదానికి ముప్పావు అంగుళం తీసేయాలి. మొత్తం రెండుంబావు. అంటే ఒక వరస పాదం నుంచి తర్వాతి వరస పాదానికి రెండుంబావు అంగుళాల దూరం ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే అందమైన కేఫ్ బోర్డుల నమూనాలు తెలుగుకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. అవి ఒంటి అంతస్తు కొలతలు.

చిన్న మాటలు చిన్న చోటు తింటాయనుకోవడం కూడా పొరపాటే. మెనూలో అన్నిటికంటే ఎత్తైన మాట ఏదో చూడండి. ‘ఇడ్లీ’. రెండే అక్షరాలు. కానీ ఆ రెండో అక్షరంలో డకారం నెత్తిన గుడి దీర్ఘం ఉంది, కాళ్ళ కింద లకారం వత్తు ఉంది. మూడు అంతస్తులూ నిండిపోయాయి. ‘వడ’కు నడిమి అంతస్తు, తలకట్టు చాలు.

ఇప్పుడు యజమాని ఇచ్చిన జాబితా తీసుకుందాం. పదిహేను టిఫిన్లు, నాలుగు పానీయాలు. “అన్నీ పెట్టాలండీ, లేకపోతే జనానికి ఎలా తెలుస్తుంది?” అంటాడు. న్యాయమే. కానీ పంతొమ్మిది వరసలను రెండుంబావుతో గుణిస్తే దాదాపు 43 అంగుళాలు. మన బోర్డు ఎత్తే 36. నాలుగు పక్కలా రెండేసి అంగుళాల మార్జిన్ వదిలితే రాసుకోవడానికి మిగిలేది 20 వెడల్పు, 32 ఎత్తు. శీర్షికలు ఇంకా మొదలే కాలేదు.

అక్షరాలు తగ్గిద్దామా అంటే చాక్‌పీసు ఒప్పుకోదు. కొత్త చాక్‌పీసు ఇంచుమించు సెంటీమీటరు లావుంటుంది. చెక్కి, అంచు మీద నడిపితే గీత నాలుగు మిల్లీమీటర్లకు వస్తుంది. గీత మందం అక్షరం ఎత్తులో ఆరో వంతు ఉంటే కంటికి హాయి. అంగుళం అంటే పాతిక మిల్లీమీటర్లు కాబట్టి నాలుగు మిల్లీమీటర్ల గీత సరిగ్గా సరిపోయింది. అక్షరాన్ని ముప్పావు అంగుళం లోపుకు దించారనుకోండి, వత్తు సెంటీమీటరుకు పడిపోతుంది. దాన్ని నాలుగు మిల్లీమీటర్ల గీతతో రాస్తే మెలిక లోపలి ఖాళీ పూడుకుపోయి తెల్లని ముద్ద మిగులుతుంది. టకారం వత్తో లకారం వత్తో పోల్చుకోలేరు. చెక్కిన మొన కూడా రెండు మాటలు రాసేసరికి అరిగి లావవుతుంది. లిక్విడ్ చాక్ మార్కరు సన్నగా రాస్తుంది. కాకపోతే గరుకు బోర్డుల మీద దాని మరక తుడిచినా పోదు, అందుకే ముందు ఒక మూల గీసి తుడిచి చూడాలి.

కాబట్టి జాబితానే తగ్గాలి. ఏది ముందు కనబడాలి, ఏది తర్వాత, ఏది కనబడకపోయినా ఫర్వాలేదు అన్న మూడు ప్రశ్నలు యజమానితో కూర్చుని తేల్చుకోవాలి. పని మొత్తంలో కష్టమైన భాగం ఇదే, ఎందుకంటే అవతలి మనిషికి అన్నీ ముఖ్యమే. నేనైతే మొదట షాపు పేరు కొట్టేస్తాను. అది బయట పెద్ద బోర్డు మీద ఉంది, లోపలికొచ్చి నిలబడ్డవాళ్ళకు మళ్ళీ చెప్పక్కర్లేదు. ‘శుభ్రత మా ప్రత్యేకత’ లాంటివి కూడా కొట్టేస్తాను. రోజూ అమ్ముడుపోయేవి ఉంచి, అప్పుడప్పుడు అడిగేవి బల్లల మీద పెట్టే కార్డుకు పంపిస్తాను. ఇక మిగిలిన వాటిలో అన్నిటికంటే పెద్దగా ఉండాల్సింది ఆరోజు స్పెషల్. బోర్డు చాక్‌పీసుతో రాసేదే రోజూ మారే సంగతి చెప్పడానికి కదా.

స్పెషల్ మామూలు వరసకు రెట్టింపు, అంటే రెండు అంగుళాలు. అంగుళానికి పావో అరో కలిపి పెద్దది చేశామనుకుంటారు గానీ, దూరం నుంచి అది పెద్దదిగా కనబడదు, అక్షరాలు కుదరలేదేమో అనిపిస్తుంది. తేడా చూపదలుచుకుంటే గట్టిగా చూపాలి. సైజులు రెండు చాలు. ‘టిఫిన్లు’ అన్న శీర్షికను మామూలు సైజులోనే రాసి పసుపు రంగుతోనో, పైన ఒక అడ్డగీతతోనో వేరు చేయొచ్చు. కింద గీత గీయాలంటే వత్తుల అంతస్తు దాటి గీయాలి. పాదాన్ని ఆనించి గీస్తే ‘న్లు’లోని లకారం వత్తు తెగిపోతుంది.

ఇప్పుడు గళ్ళ నోటుబుక్కు. ఒక గడి ఒక అంగుళం అనుకోండి. 24 గళ్ళ వెడల్పు, 36 గళ్ళ ఎత్తుతో పెట్టె గీసి, లోపల రెండు గళ్ళు వదిలి ఇంకో పెట్టె. గడి అయిదు మిల్లీమీటర్లదైతే ఇది బోర్డులో అయిదో వంతు. ఈ అయిదో వంతు చాలా సౌకర్యమైన కొలత. బోర్డును పది అడుగుల నుంచి చూడటం, ఈ కాగితాన్ని రెండు అడుగుల నుంచి చూడటం కంటికి ఒకటే. చేయి చాచి పట్టుకుంటే ఇంచుమించు ఆ దూరమే. కాగితం మీద చదవలేనిది బోర్డు మీదా చదవలేరు.

ఒక షరతు ఉంది. నాలుగు మిల్లీమీటర్ల చాక్ గీతకు అయిదో వంతు అంటే ముప్పావు మిల్లీమీటరు పైచిలుకు. కాబట్టి మొద్దుబారిన పెన్సిలుతోనే గీయాలి. సన్నటి జెల్ పెన్నుతో నమూనా గీస్తే అది అబద్ధం చెబుతుంది. కాగితం మీద ముత్యాల్లా ఉన్న అక్షరాలు బోర్డెక్కేసరికి ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

వెడల్పు లెక్కకు అక్షరాలు లెక్కపెట్టాలి. ‘మసాలా దోసె’ అయిదు. ఒక్కో అక్షరానికి దాని ఎత్తుకు అయిదో వంతు కలిపి వెడల్పు ఇవ్వండి. అంగుళం అక్షరానికి అంగుళమూ అయిదో వంతూ. మాటల మధ్య అర అంగుళం పైన. మొత్తం ఆరున్నర అంగుళాల పైచిలుకు. ఇది సగటు లెక్కే. మకారం, యకారం కాస్త ఎక్కువ తింటాయి. ‘ఊతప్పం’లో పకారం వత్తు అక్షరం అడుగున ఆగకుండా కుడిపక్కకు జరిగి కూర్చుంటుంది, దానికి అరక్షరం చోటు అదనంగా వేయాలి. అంకెకు ముప్పావు లోపు చాలు.

మొదటి నమూనా ఇలా వచ్చింది. పైన చిన్నగా ‘ఈరోజు స్పెషల్’కు రెండుంబావు అంగుళాలు. దాని కింద ‘పెసరట్టు ఉప్మా’, రెండంగుళాల అక్షరం కాబట్టి నాలుగున్నర. ఆ తర్వాత ఖాళీ రెండు అంగుళాలు. ‘టిఫిన్లు’ శీర్షిక, కింద ఏడు వరసలు. మళ్ళీ అంగుళంన్నర ఖాళీ, ఆఖరి వరసలో కాఫీ, టీ పక్కపక్కన. కూడితే ముప్ఫైన్నర. 32లో పట్టింది. కానీ ఉల్లి దోసె, ఊతప్పం పోయాయి. యజమాని మొహం అదోలా పెట్టాడు.

ఆ కాగితాన్నే చేయి చాచి చూస్తే ఇంకో లోపం బయటపడింది. ధరలన్నీ కుడి అంచుకు పేర్చాం. ‘ఇడ్లీ’ రెండున్నర అంగుళాల లోపే అయిపోయింది. దాని ధర ఎక్కడో కుడివైపున, మధ్యలో పదహారు అంగుళాల నలుపు. చూపు ఇడ్లీ దగ్గర బయల్దేరి ఆ నలుపు దాటేసరికి పై వరసకో కింది వరసకో జారిపోతుంది. పూరి ధర చూసి ఇడ్లీకి డబ్బు తీస్తారు. చుక్కలు పెట్టి కలపొచ్చు గానీ, చాక్ చుక్కలు సాయంత్రానికి చెరిగి మసకబారతాయి. మేలైన దారి, ధరల్ని పేర్ల దగ్గరికి తీసుకురావడం.

పొడవైన పేరే ఆరున్నర అంగుళాలు అయినప్పుడు టిఫిన్లకు పదకొండు అంగుళాలు ఎక్కువే. ఒక అంగుళం సందు వదిలితే కుడివైపు ఎనిమిది అంగుళాలు మిగులుతాయి. కాఫీ, టీలను అక్కడికి ఎక్కించేద్దాం. వాటి శీర్షిక ‘టిఫిన్లు’ పక్కనే, అదే పాదం మీద. ఇలా చేయగానే కింద కాఫీ వరస, దాని పైన వదిలిన ఖాళీ, అప్పటికే మిగిలిన అంగుళంన్నర కలిపి అయిదుంబావు అంగుళాలు చేతికొచ్చాయి. రెండు వరసలకు నాలుగున్నర చాలు. ఊతప్పం తిరిగొచ్చింది, ఉల్లి దోసె తిరిగొచ్చింది. కుడివైపు పాలు, మజ్జిగ కూడా పట్టాయి. బోర్డు మీద నేరుగా రాస్తూ ఉంటే ఈ మార్పు చేసే అవకాశమే ఉండేది కాదు, తెలిసేసరికి సగం బోర్డు నిండిపోయి ఉండేది.

కుడివైపు పానీయాల కింద సుమారు పదకొండు అంగుళాల ఎత్తు ఖాళీ ఉంది. అక్కడ చోటుంది కదా అని ఇంకో మూడు టిఫిన్లు ఇరికించమంటారు. వద్దు. పానీయాల కింద వచ్చిన టిఫిన్‌ను ఎవరూ వెతకరు. ఇత్తడి గ్లాసు, డబరా బొమ్మ వేసుకోవచ్చు, లేదా అలాగే వదిలేయొచ్చు. నాకు వదిలేయడమే ఇష్టం.

ఇక సందుల సంగతి. ఒకే జట్టులోని వరసల మధ్య కంటే జట్టుకూ జట్టుకూ మధ్య ఖాళీ స్పష్టంగా ఎక్కువ ఉండాలి. అప్పుడే గీతలు, పెట్టెలు లేకుండానే జట్లు విడివిడిగా కనబడతాయి. తెలుగులో దీనికి ఒక మెలిక ఉంది. వత్తు లేని వరస కింద, గుడి లేని వరస వస్తే రెండిటి మధ్య అంగుళంబావు నలుపు ఖాళీగా కనబడుతుంది, ఆ అంతస్తులు రెండూ వాడలేదు కాబట్టి. జట్ల మధ్య విడిగా వదిలే ఖాళీ అంతకంటే తక్కువైతే జట్టు ఎక్కడ ముగిసిందో తెలియదు. స్పెషల్ కింద రెండు అంగుళాలు అదనంగా వదిలింది ఇందుకే.

దీనికి ఎదురు సమస్య, ఢీకొనడం. ‘ఉప్మా’ కింద ‘పూరి’ రాశారనుకోండి. మకారం వత్తు రెండో అక్షరం కింద వేలాడుతుంది. ‘పూరి’లో గుడి కూడా రెండో అక్షరం మీదే. ఎడమ అంచు ఒకటే కాబట్టి ఆ రెండూ సరిగ్గా ఒకదాని కింద ఒకటి వస్తాయి. కొలత ప్రకారం తగలవు, కానీ చాక్ అటూ ఇటూ రెండు మిల్లీమీటర్లు జరిగితే అంటుకుంటాయి. వరసల మధ్య దూరం పెంచకుండానే దీన్ని తప్పించొచ్చు. వరసలు మార్చాలి, అంతే. ఇడ్లీ కింద వడ, ఆ కింద పూరి, పొంగల్, ఆ తర్వాత ఉప్మా, దాని కింద సాదా దోసె. ‘సాదా’లో గుడి లేదు, ఉప్మా వత్తుకు కావలసినంత చోటు. ఉల్లి దోసె కింద మసాలా దోసె, అక్కడా గొడవ లేదు. చివర ఊతప్పం. అదృష్టవశాత్తూ ఈ వరస టిఫిన్ సెంటర్ వాడుకకూ దగ్గరగానే ఉంది. ఇడ్లీ పక్కన వడ లేకపోతే ఎవరూ ఒప్పుకోరు మరి.

అక్షరాల మధ్య సందుకు స్కేలు పనికిరాదు. గుండ్రని అక్షరాలు రెండు పక్కపక్కన వస్తే వాటి అంచులు ఒక్కచోటే దగ్గరవుతాయి, పైనా కిందా ఖాళీ ఉంటుంది, కాబట్టి ఇంకాస్త దగ్గరకు జరపొచ్చు. దీర్ఘం తర్వాత వచ్చే అక్షరాన్ని కొంచెం ఎడంగా పెట్టాలి. ‘మసాలా’లో సాకు, లాకు దీర్ఘాలు కుడివైపు పొడుచుకొస్తాయి. అన్నిటికీ సమానంగా కొలిచి పెడితే మ, స దూరమై, సా, లా కలిసిపోతాయి. దీన్ని కాగితం మీద రెండుసార్లు రాసి, తలకిందులు చేసి చూడండి. తిప్పితే మాటను చదవడం మానేసి సందుల్ని చూస్తాం.

అక్షరాల వాటం గురించి ఒక మాట. బాపు రాతను అనుకరించే వాలు అక్షరాలంటే తెలుగువాళ్ళకు ప్రాణం, స్పెషల్ పేరుకు అవి నిండుగా ఉంటాయి. తొమ్మిది వరసలూ అలాగే రాస్తే మాత్రం అన్నీ ఒకేసారి పిలుస్తున్నట్టుంటుంది. కింది జాబితాకు నిలువుగా, గుండ్రంగా, బడి పలక మీద రాసినట్టుండే అక్షరాలే నయం.

నమూనా అయ్యాక దాన్ని గోడకు అంటించి, రెండు అడుగుల దూరంలో నిలబడి, కళ్ళు సగం మూసి చూడండి. మాటలు మసకై, తెల్లని గుంపులు మిగులుతాయి. స్పెషల్ ఒక గుంపుగా, టిఫిన్లు ఒకటిగా, పానీయాలు ఒకటిగా కనబడితే సరే. నాలుగో గుంపు ఏదైనా తేలితే ఎక్కడో ఖాళీ తప్పుగా పడింది. అన్నీ కలిసి ఒకే ముద్దయితే స్పెషల్ ఇంకా పెద్దది కావాలి, లేదా దాని చుట్టూ ఖాళీ పెరగాలి. రంగులు ఈ పరీక్ష తర్వాతే. పెన్సిలు బూడిద రంగులో నిలబడని అమరికను పసుపు, గులాబీ చాక్‌పీసులు నిలబెట్టలేవు.

కాగితం నుంచి బోర్డుకు కొలతలు మోయడం తేలిక. బోర్డు ఎడమ, కుడి అంచుల మీద మాస్కింగ్ టేపు అంటించి, నమూనాలో లెక్కపెట్టిన గళ్ళన్నిటినీ అంగుళాలుగా టేపు మీద పెన్నుతో గుర్తుపెట్టుకోండి. ప్రతి వరసకూ పాదం గుర్తు, అక్షరం తల గుర్తు, రెండు చాలు. చాక్ పొడి పూసిన దారాన్ని రెండు గుర్తుల మధ్య బిగించి మీటితే సన్నని గీత పడుతుంది. తర్వాత తడి దూది పుల్లతో చెరిపేయొచ్చు. కొత్త బోర్డయితే అంతకంటే ముందు చాక్‌పీసును పక్కకు పడుకోబెట్టి బోర్డంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేయాలి. లేకపోతే మొదట రాసిన అక్షరాల ఆనవాళ్ళు బోర్డులో ఉండిపోయి, తర్వాత ఏం రాసినా వెనక నుంచి తొంగిచూస్తాయి.

ఈ నమూనాకు ఒక హద్దుంది, అదీ ముందే తెలుసుకోవాలి. ‘పెసరట్టు ఉప్మా’ ఆరు అక్షరాలు. రెండంగుళాల సైజులో ఆ పేరుకు పదిహేనున్నర అంగుళాలు, రెండంకెల ధరకు మూడు లోపు. ఇరవైలో సరిపోయింది. రేపు ‘గుంటూరు కారం ఇడ్లీ’ స్పెషల్ అయితే ఏడు అక్షరాలు, రెండు సందులు. పేరు ఒక్కటే పంతొమ్మిది దాటుతుంది, ధరకు చోటుండదు. అలాంటి రోజుకు అంగుళంన్నర సైజు వాడాలని నమూనా పక్కనే రాసిపెట్టుకోండి. రాసే కుర్రాడు ఉదయం అయిదింటికి ఆ లెక్క వేయలేడు. ధరల వరసకు కూడా ఇప్పుడు రెండంకెలే ఉన్నా మూడంకెల చోటు వదలండి. ఒకట్ల స్థానం ఒకదాని కింద ఒకటి వచ్చేలా కుడివైపు పేరిస్తే, 95 రూపాయల దోసె వందయిన రోజు ఆ ఒక్క అంకెల గుంపు తుడిచి రాస్తే సరిపోతుంది. పేరును కదపక్కర్లేదు.